పాలిటెక్నిక్ తర్వాత బీటెక్ రెండో సంవత్సరంలోకి: ఈసెట్ ఎవరు రాయొచ్చు, సీటు ఎలా వస్తుంది

పాలిటెక్నిక్ ఆఖరి ఏడాదిలో ఉన్న పిల్లలు ఈసెట్ గురించి మొదట అడిగేది ఎన్ని మార్కులొస్తే ఏ కాలేజీ వస్తుందని. ఆ ప్రశ్న తప్పు కాదు. కాకపోతే దానికంటే ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి. మీ డిప్లొమా బ్రాంచ్‌కు ఏ పేపర్ రాయాలి, ఆ పేపర్‌తో ఏ బీటెక్ బ్రాంచ్‌లోకి వెళ్లొచ్చు అన్నది మొదటిది. మీరు ఏ ప్రాంతానికి స్థానిక అభ్యర్థి అన్నది రెండోది. మంచి ర్యాంకు వచ్చాక కూడా కౌన్సెలింగ్‌లో చిక్కుల్లో పడేవాళ్లలో ఎక్కువమంది ఈ రెండింటిని పరీక్షకు ముందు పట్టించుకోనివాళ్లే. అందుకే ఈ వ్యాసంలో ఆ రెండింటికీ ఎక్కువ చోటిచ్చాను. ఆంధ్రప్రదేశ్ ఈసెట్‌ను ప్రధానంగా తీసుకుని, తెలంగాణలో తేడా ఉన్నచోట ఆ తేడాను చెబుతాను.

ఎవరు నిర్వహిస్తారు

ఈసెట్ అంటే ఇంజనీరింగ్ కామన్ ఎంట్రన్స్ టెస్ట్. ఇంటర్ పిల్లలకు ఈఏపీసెట్ ఎలాగో డిప్లొమా పిల్లలకు ఇది అలాగ. ఇందులో అర్హత సాధించినవాళ్లు మొదటి సంవత్సరం చదవనక్కర్లేకుండా నేరుగా బీటెక్ రెండో సంవత్సరం, అంటే మూడో సెమిస్టర్‌లో చేరతారు. దీన్నే లేటరల్ ఎంట్రీ అంటారు. డి.ఫార్మసీ చదివినవాళ్లు బి.ఫార్మసీ రెండో సంవత్సరంలోకి, గణితం ఒక సబ్జెక్టుగా బీఎస్సీ చదివినవాళ్లు బీటెక్ రెండో సంవత్సరంలోకి వెళ్లేది కూడా ఈ పరీక్షతోనే.

ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర ఉన్నత విద్యామండలి తరఫున ఒక విశ్వవిద్యాలయం పరీక్ష నిర్వహిస్తుంది. 2024, 2025లో ఆ బాధ్యత అనంతపురం జేఎన్‌టీయూది. తెలంగాణలో అక్కడి ఉన్నత విద్యామండలి తరఫున ఆ రెండేళ్లూ ఉస్మానియా విశ్వవిద్యాలయం నిర్వహించింది. నిర్వహించే విశ్వవిద్యాలయం మారితే వెబ్‌సైట్‌లో పేజీ, కన్వీనర్ కార్యాలయం, ఫోన్ నంబర్లు మారతాయి. పరీక్ష స్వరూపం మాత్రం మారదు. ఆంధ్రప్రదేశ్ వివరాలు cets.apsche.ap.gov.in లోనూ, తెలంగాణవి ecet.tgche.ac.in లోనూ చూడాలి. గూగుల్‌లో పైన కనిపించే కోచింగ్ సంస్థల పేజీల్లో నిరుటి తేదీలు, నిరుటి ఫీజులు అలాగే ఉండిపోతుంటాయి. వాటిని నమ్మి గడువు పోగొట్టుకోవద్దు.

పరీక్షకూ సీటుకూ మధ్య ఇద్దరు కన్వీనర్లు ఉంటారని గుర్తుంచుకోండి. పరీక్ష పెట్టి ర్యాంకు ఇచ్చేది ఈసెట్ కన్వీనర్. సీటు ఇచ్చేది అడ్మిషన్ల కన్వీనర్, ఆ పనిని నడిపేది సాంకేతిక విద్యాశాఖ. హాల్ టికెట్‌లో పేరు తప్పు పడితే మొదటివాళ్లను అడగాలి. సర్టిఫికెట్ వెరిఫికేషన్‌లో సమస్య వస్తే రెండోవాళ్లను అడగాలి.

మొదటి మెట్టు: మీకు అర్హత ఉందా

డిప్లొమాలో కనీసం 45 శాతం మార్కులు ఉండాలి. రిజర్వుడ్ వర్గాలకు 40 శాతం చాలు. రాష్ట్ర సాంకేతిక విద్యా శిక్షణ మండలి ఇచ్చిన డిప్లొమా గానీ, దానికి సమానమని గుర్తించిన డిప్లొమా గానీ కావాలి. వేరే రాష్ట్రంలో డిప్లొమా చేసినవాళ్లు అది సమానమైనదేనని చూపించే కాగితాన్ని కౌన్సెలింగ్ దాకా ఆగకుండా ముందే సంపాదించుకోవాలి.

ఆఖరి సంవత్సరం చదువుతున్నవాళ్లు కూడా దరఖాస్తు చేయొచ్చు. నిజానికి రాసేవాళ్లలో పెద్ద భాగం వాళ్లే. అయితే కౌన్సెలింగ్‌లో సర్టిఫికెట్లు పరిశీలించే నాటికి అన్ని సబ్జెక్టులూ పాసై ఉండాలి. రెండో ఏడాది సబ్జెక్టు ఒక్కటి మిగిలిపోయి, ఈసెట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకుని, సప్లిమెంటరీ ఫలితం ఆలస్యం కావడంతో సీటు చేజారినవాళ్లు ఉన్నారు. బ్యాక్‌లాగ్ ఉంటే ఈసెట్ చదువుకంటే ముందు దాని సంగతి చూడండి. బ్యాక్‌లాగ్‌తో వచ్చిన ర్యాంకును వచ్చే ఏడాదికి దాచుకోవడం కుదరదు. ఏ ఏడాది ర్యాంకు ఆ ఏడాది ప్రవేశాలకే.

అన్ని డిప్లొమాలూ ఇందులోకి రావు. కమర్షియల్ అండ్ కంప్యూటర్ ప్రాక్టీస్ డిప్లొమా పేరులో కంప్యూటర్ ఉన్నా అది ఇంజనీరింగ్ డిప్లొమా కాదు. వ్యవసాయ పాలిటెక్నిక్‌లో రెండేళ్ల డిప్లొమా చేసినవాళ్ల దారి కూడా వేరు. వాళ్లు బీఎస్సీ అగ్రికల్చర్ కోసం అగ్రిసెట్ రాస్తారు. అగ్రికల్చరల్ ఇంజనీరింగ్ డిప్లొమా వాళ్లకు మాత్రం ఆంధ్రప్రదేశ్ ఈసెట్‌లో ఆ పేరుతోనే పేపర్ ఉంది. ఈ రెండింటినీ కలిపేసుకుని తప్పు పరీక్షకు ఫీజు కట్టకండి.

బీఎస్సీ వాళ్ల విషయంలో ఒక షరతు ఉంది. అఖిల భారత సాంకేతిక విద్యామండలి, అంటే ఏఐసీటీఈ నిబంధన ప్రకారం లేటరల్ ఎంట్రీ సీట్లు ముందు డిప్లొమా వాళ్లకు ఇచ్చి, మిగిలినవే బీఎస్సీ వాళ్లకు ఇవ్వాలి. చేరాక వాళ్లు మొదటి సంవత్సరపు ఇంజనీరింగ్ డ్రాయింగ్, ఇంజనీరింగ్ మెకానిక్స్ సబ్జెక్టులను రెండో సంవత్సరం సబ్జెక్టులతో పాటు రాసి పాసవ్వాలి. డ్రాయింగ్ బోర్డు ఎప్పుడూ ముట్టని బీఎస్సీ విద్యార్థికి ఇది చిన్న భారం కాదు.

రెండో మెట్టు: పేపర్ ఎంపిక

దరఖాస్తులో చాలామంది తొందరపడి నింపే గడి ఇదే. మీ డిప్లొమా బ్రాంచ్‌ను బట్టి మీ పేపర్ ఏదో ముందే ఖాయమై ఉంటుంది. సివిల్, మెకానికల్, ట్రిపుల్‌ఈ, ఈసీఈ, కంప్యూటర్ సైన్స్, ఇన్‌స్ట్రుమెంటేషన్, కెమికల్, మెటలర్జీ, మైనింగ్ వంటి పేపర్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. ఆటోమొబైల్ డిప్లొమా వాళ్లు మెకానికల్ పేపర్ రాయాలి. ఇలాంటి జోడింపులన్నీ సూచనల పుస్తకం చివర ఒక పట్టికలో ఉంటాయి. ఆ పట్టికలో మూడు వరుసలు చూడాలి: మీ డిప్లొమా పేరు, దానికి రాయాల్సిన పేపర్, ఆ పేపర్‌తో అర్హత వచ్చే బీటెక్ కోర్సులు.

ఆ మూడో వరుసను తప్పకుండా చదవండి. కంప్యూటర్ సైన్స్ డిమాండ్ చూసి మెకానికల్ డిప్లొమా విద్యార్థులు ‘మంచి ర్యాంకు వస్తే సీఎస్ఈకి మారిపోవచ్చు’ అనుకుంటుంటారు. ఈసెట్‌లో అలా కుదరదు. మెకానికల్ పేపర్ రాసినవాడికి ఆప్షన్ల పేజీలో మెకానికల్, దానికి దగ్గరి కోర్సులు మాత్రమే కనిపిస్తాయి. కంప్యూటర్ డిప్లొమా వాళ్లకు సీఎస్ఈతో పాటు ఐటీ, ఏఐ, డేటా సైన్స్ పేర్లతో కొత్తగా వచ్చిన కోర్సులు కూడా తెరుచుకుంటాయి. అందుకే ఆ పేపర్‌లో పోటీ ఎక్కువ, సీట్లూ ఎక్కువే. కొత్త కోర్సులు ఏటా చేరుతుంటాయి కాబట్టి సీనియర్ చెప్పిన పట్టిక కాకుండా ఈ ఏటి పుస్తకంలోదే చూడండి.

దరఖాస్తులో డిప్లొమా హాల్ టికెట్ నంబర్ అడుగుతారు. అంటే మీ పిన్ నంబర్. 21001-CM-012 లాంటి పిన్‌లో మొదటి రెండంకెలు చేరిన సంవత్సరం, తర్వాతి మూడు కాలేజీ కోడ్, మధ్యలో ఉన్నది బ్రాంచ్, చివరిది రోల్ నంబర్. మధ్యలో కంప్యూటర్ బ్రాంచ్‌ను చెప్పే CM ఉండి, మీరు ఎంచుకున్న పేపర్ ఈసీఈ అయితే ఎక్కడో పొరపాటు జరిగిందని అక్కడే తెలిసిపోతుంది. ఫీజు కట్టాక, సబ్‌మిట్ నొక్కే ముందు, ఈ ఒక్క పోలిక చేసుకోండి. పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి. కులం, ఆదాయం ధ్రువపత్రాల నంబర్లు వేసేటప్పుడు పాత కాగితం కాకుండా ఇప్పుడు చెల్లుబాటులో ఉన్నది తీసుకోండి.

దరఖాస్తు ఫీజు 2025 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఓసీలకు 600, బీసీలకు 550, ఎస్సీ, ఎస్టీలకు 500 రూపాయలు. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకు 500, మిగతావాళ్లకు 900. గడువు దాటితే ఆలస్య రుసుముతో ఇంకొన్ని తేదీలు ఇస్తారు. రోజులు గడిచేకొద్దీ ఆ రుసుము వేలల్లోకి వెళ్తుంది.

మూడో మెట్టు: పరీక్ష ఎలా ఉంటుంది

పరీక్ష కంప్యూటర్ మీద మూడు గంటలు. 200 ప్రశ్నలు, 200 మార్కులు, తప్పు రాస్తే మార్కు పోదు. కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు. డిప్లొమా వాళ్లకు గణితం 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25, మీ ఇంజనీరింగ్ పేపర్ 100. బీఎస్సీ వాళ్లకు గణితం 100, ఎనలిటికల్ ఎబిలిటీ 50, కమ్యూనికేటివ్ ఇంగ్లిష్ 50. ఫార్మసీలో నాలుగు సబ్జెక్టులకు తలా 50.

ఈ విభజనలో ఒక సంగతి గమనించాలి. ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపి 50 మార్కులు. ఇవి పాలిటెక్నిక్ మొదటి ఏడాదిలో చదివినవి: కొలతలు-ప్రమాణాలు, వెక్టార్లు, ఘర్షణ, పని-శక్తి, సరళ హరాత్మక చలనం, ఉష్ణం, కెమిస్ట్రీలో పరమాణు నిర్మాణం, ద్రావణాలు, ఆమ్లాలు-క్షారాలు, ఎలక్ట్రోకెమిస్ట్రీ, తుప్పు, నీటి శుద్ధి, పాలిమర్లు, ఇంధనాలు. ఆఖరి ఏడాదికి వచ్చేసరికి రెండేళ్లుగా ఆ పుస్తకాలు తెరిచి ఉండరు. పైగా ఆరో సెమిస్టర్‌లో ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌కు వెళ్లినవాళ్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా వర్క్‌షాప్‌లోనో సైట్‌లోనో ఉంటారు. 2024, 2025లో పరీక్ష మే నెలలో వచ్చింది. అందువల్ల చాలామంది ఇంజనీరింగ్ పేపర్ మీదే కూర్చుని ఈ 50 మార్కులను వదిలేస్తారు. సిలబస్ చిన్నది, ప్రశ్నలు నేరుగా ఉంటాయి కాబట్టి తక్కువ సమయంలో ఎక్కువ మార్కులు తిరిగొచ్చేది ఇక్కడే. ట్రైనింగ్‌కు వెళ్లకముందే, ఐదో సెమిస్టర్ సెలవుల్లో మొదటి ఏడాది నోట్సు ఒకసారి తిరగేస్తే తర్వాత ఇబ్బంది ఉండదు.

200కు 50 మార్కులు, అంటే 25 శాతం వస్తే అర్హత. ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కు లేదు. అయితే ఆ సడలింపుతో అర్హత పొందినవాళ్లకు ప్రవేశం వాళ్లకు కేటాయించిన సీట్ల వరకే. డిప్లొమాలో వచ్చిన మార్కులను ర్యాంకులో కలపరు. 85 శాతం వచ్చినవాళ్లయినా 50 శాతం వచ్చినవాళ్లయినా పరీక్ష హాలులో సమానమే.

ఇద్దరికి సమానంగా మార్కులొస్తే ముందు ఇంజనీరింగ్ పేపర్ మార్కులు చూస్తారు, అక్కడా సమానమైతే గణితం. ఒకరికి గణితంలో 30, ఫిజిక్స్‌లో 15, కెమిస్ట్రీలో 14, ఇంజనీరింగ్‌లో 57. ఇంకొకరికి 24, 15, 14, 63 అనుకుందాం. ఇద్దరికీ మొత్తం 116. ముందు ర్యాంకు రెండోవారిది. ఒకే మార్కు దగ్గర చాలామంది గుంపుగా ఉండే కంప్యూటర్ పేపర్‌లో దీని వల్లే ర్యాంకు బాగా వెనక్కి పోవచ్చు.

ర్యాంకు కార్డు మీద రెండు ర్యాంకులు కనిపిస్తాయి. ఒకటి మీ పేపర్ రాసినవాళ్ల మధ్య వచ్చిన బ్రాంచ్ ర్యాంకు, రెండోది అందరినీ కలిపి ఇచ్చే ఇంటిగ్రేటెడ్ ర్యాంకు. నిరుటి చివరి ర్యాంకులతో పోల్చుకునేటప్పుడు ఈ రెండూ తారుమారు చేసుకోకండి. ఇంటిగ్రేటెడ్ ర్యాంకు పెద్ద సంఖ్య చూసి దిగులుపడే మెటలర్జీ విద్యార్థికి బ్రాంచ్ ర్యాంకు పదుల్లో ఉండొచ్చు. అతనితో పోటీపడేది ఆ పేపర్ రాసినవాళ్లే.

పరీక్ష రోజు నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు. వేలిముద్ర తీసుకుంటారు కాబట్టి ముందురోజు చేతులకు గోరింటాకు పెట్టుకోవద్దు. ఆ తర్వాత ప్రాథమిక కీ, మీ రెస్పాన్స్ షీట్ వెబ్‌సైట్‌లో పెడతారు. అభ్యంతరం చెప్పదలిస్తే ఆధారంతో ఆ కొద్ది రోజుల్లోనే చెప్పాలి. తుది కీ వచ్చాక వినరు.

నాలుగో మెట్టు: స్థానికత

ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశాలకు రెండు స్థానిక ప్రాంతాలున్నాయి. శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా ఉన్న ఉమ్మడి జిల్లాలు ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతం. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, నెల్లూరు ఉమ్మడి జిల్లాలు శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతం. ఒక ప్రాంతంలోని సీట్లలో 85 శాతం ఆ ప్రాంతపు స్థానికులకే, మిగతా 15 శాతం అన్‌రిజర్వుడ్. దీనికి ఆధారం 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, రాజ్యాంగంలోని 371డి అధికరణం.

స్థానికతను సొంతూరు బట్టి, ఆధార్‌లోని చిరునామా బట్టి నిర్ణయించరు. చదువు బట్టి నిర్ణయిస్తారు. అర్హత పరీక్షను, అంటే డిప్లొమా ఆఖరి పరీక్షను మొదటిసారి రాసిన సంవత్సరంతో ముగిసే నాలుగు వరుస సంవత్సరాలు ఒకే ప్రాంతంలో చదివి ఉంటే అక్కడ స్థానికులు. డిప్లొమా మూడేళ్లు కాబట్టి ఆ నాలుగో ఏడు పదో తరగతి అవుతుంది. పదో తరగతి, పాలిటెక్నిక్ ఒకే ప్రాంతంలో చదివినవాళ్లకు ఇక ఆలోచించాల్సిన పనిలేదు.

ప్రాంతం మారినవాళ్ల సంగతి చూద్దాం. గుంతకల్లులో పదో తరగతి దాకా చదివిన ఒక అమ్మాయికి పాలిసెట్‌తో విజయవాడలో కంప్యూటర్ డిప్లొమా సీటు వచ్చిందనుకుందాం. గుంతకల్లు ఎస్‌వీయూ ప్రాంతం, విజయవాడ ఏయూ ప్రాంతం. నాలుగేళ్ల నిబంధన తీసుకుంటే పదో తరగతి ఒకచోట, డిప్లొమా మూడేళ్లు మరోచోట. ఏ ప్రాంతంలోనూ నాలుగేళ్లు నిండవు. అప్పుడు ఏడేళ్ల నిబంధన వస్తుంది. అర్హత పరీక్షతో ముగిసే ఏడు వరుస సంవత్సరాలు రాష్ట్రంలోనే చదివి ఉంటే, అందులో ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడ స్థానికురాలు. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది తరగతులు గుంతకల్లులో, అంటే నాలుగేళ్లు. డిప్లొమా విజయవాడలో మూడేళ్లు. ఎస్‌వీయూ ప్రాంతానికి నాలుగు, ఏయూ ప్రాంతానికి మూడు. ఆమె ఎస్‌వీయూ స్థానికురాలు.

దీనివల్ల తేడా ఎక్కడంటే, మూడేళ్లుగా విజయవాడలో ఉంటున్నాను కదా అని ఆమె కృష్ణా, గుంటూరు కాలేజీలే ఆప్షన్లుగా పెడితే అక్కడ 15 శాతం అన్‌రిజర్వుడ్‌లోనే పోటీపడుతుంది. ఆ పదిహేను శాతంలో అన్ని ప్రాంతాల మంచి ర్యాంకులూ ఉంటాయి. అనంతపురం, తిరుపతి, కర్నూలు వైపు కాలేజీల్లో అయితే 85 శాతంలోకి వస్తుంది. అదే ర్యాంకుకు అక్కడ మెరుగైన కాలేజీ వచ్చే వీలుంది.

ఈ లెక్కను కౌన్సెలింగ్‌లో నిలబెట్టేవి స్టడీ సర్టిఫికెట్లు. ఏడో తరగతి నుంచి డిప్లొమా దాకా, ఏడేళ్లకూ ఉండాలి, మధ్యలో ఒక్క ఏడు కూడా తగ్గకూడదు. సాధారణంగా ఇక్కడే కాగితాలు తక్కువవుతాయి. మధ్యలో బడి మారినవాళ్లు పాత బడినుంచి సర్టిఫికెట్ తీసుకోరు. ఆ ప్రైవేటు బడి ఈలోగా మూతపడితే మండల విద్యాశాఖ కార్యాలయం చుట్టూ తిరగాలి. ఈసెట్ దరఖాస్తు పెట్టిన వారంలోనే ఏడు సర్టిఫికెట్లను వరుసగా పేర్చి చూసుకోండి. ప్రతిదానిలో సంవత్సరం ‘2018-19’ లాగా స్పష్టంగా ఉందా, ఊరు, జిల్లా రాసి ఉన్నాయా, ప్రధానోపాధ్యాయుల సంతకం, ముద్ర ఉన్నాయా చూడండి.

తెలంగాణలో 2014 తర్వాత ఉన్నది ఒకే స్థానిక ప్రాంతం, పాత ఉస్మానియా ప్రాంతం. హైదరాబాద్‌లో మూడేళ్ల డిప్లొమా చేసినంత మాత్రాన, పదో తరగతి దాకా వేరే రాష్ట్రంలో చదివినవాళ్లు అక్కడ స్థానికులు కాలేరు. రాష్ట్ర విభజన చట్టంలోని పదేళ్ల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. ఆ తర్వాత 2025-26 ప్రవేశాల నుంచి ఆ 15 శాతం అన్‌రిజర్వుడ్ సీట్లను కూడా తెలంగాణతో నిబంధనల్లో చెప్పిన సంబంధం ఉన్నవాళ్లకే పరిమితం చేశారు. కర్నూలు నుంచో విజయవాడ నుంచో హైదరాబాద్ కాలేజీల మీద ఆశతో తెలంగాణ ఈసెట్ రాసేవాళ్లు ఫీజు కట్టకముందే ఈ భాగం చదవాలి.

ఐదో మెట్టు: సీట్లు ఎన్ని, ఎక్కడ నుంచి వస్తాయి

లేటరల్ ఎంట్రీ సీట్ల లెక్క ఏఐసీటీఈ నిబంధనను బట్టి ఉంటుంది. ఒక కోర్సుకు మంజూరైన సీట్లలో 10 శాతం అదనంగా డిప్లొమా వాళ్లకు ఇవ్వొచ్చు. వీటిని సూపర్ న్యూమరరీ సీట్లంటారు. మొదటి ఏడాదిలో భర్తీ కాకుండా మిగిలిన సీట్లను కూడా దీనికి కలపొచ్చన్నది ఆ నిబంధనలోని రెండో భాగం.

అరవై సీట్ల సీఎస్ఈ సెక్షన్ తీసుకోండి. పేరున్న కాలేజీలో మొదటి ఏడాది అరవైకి అరవై నిండిపోతాయి. అక్కడ డిప్లొమా వాళ్లకు దక్కేది ఆరు సీట్లే. పక్క ఊళ్లోని మామూలు కాలేజీలో మొదటి ఏడాది 45 మందే చేరితే, మిగిలిన 15, అదనపు 6 కలిపి 21 సీట్ల దాకా ఉండొచ్చు. ఆ ఆరు సీట్లను స్థానికత, కులం, మహిళల కోటాల ప్రకారం పంచేసరికి ఒక్కో వర్గానికి మిగిలేది ఒకటో అరో. అందుకే పేరున్న కాలేజీల్లో చివరి ర్యాంకు ఏటా ఎగుడుదిగుడుగా ఉంటుంది. నిరుడు 300వ ర్యాంకుకు వచ్చింది కాబట్టి ఈసారీ వస్తుందని ధీమాగా ఉండలేం. కిందటి ఏడాది ఒక్కటే కాకుండా మూడేళ్ల చివరి ర్యాంకులు పక్కపక్కన పెట్టుకుని చూడండి.

ఆరో మెట్టు: కౌన్సెలింగ్

ర్యాంకులు వచ్చాక కౌన్సెలింగ్ నోటిఫికేషన్ వేరుగా వస్తుంది. ర్యాంకు వచ్చినంత మాత్రాన మీ పేరు కౌన్సెలింగ్‌లో చేరదు. ప్రాసెసింగ్ ఫీజు కట్టాలి: ఓసీ, బీసీలకు 1200, ఎస్సీ, ఎస్టీలకు 600 రూపాయలు. తర్వాత సర్టిఫికెట్ల పరిశీలన. తెలంగాణలో స్లాట్ బుక్ చేసుకుని హెల్ప్‌లైన్ కేంద్రానికి వెళ్లాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కువ భాగం ఆన్‌లైన్‌లోనే జరుగుతుంది, తేడా వస్తే హెల్ప్‌లైన్ కేంద్రానికి రమ్మంటారు. ఈ కేంద్రాలు చాలావరకు ప్రభుత్వ పాలిటెక్నిక్‌లలోనే ఉంటాయి.

వెంట ఉండాల్సినవి: ఈసెట్ ర్యాంకు కార్డు, హాల్ టికెట్, పదో తరగతి మెమో, డిప్లొమా మెమోలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్, టీసీ, ఏడేళ్ల స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, ఈడబ్ల్యూఎస్ వాళ్లయితే ఆ ఏడాదికి చెల్లే ఈడబ్ల్యూఎస్ పత్రం. ప్రొవిజనల్ రాలేదని ఆగిపోకుండా ఆన్‌లైన్ మెమో ప్రింటు తీసుకుని, మీ పాలిటెక్నిక్ ప్రిన్సిపాల్ సంతకం చేయించి ఉంచుకోండి. ఆ ఏటి నోటిఫికేషన్ ఒప్పుకుంటే పరిశీలన ఆగదు.

వెరిఫికేషన్ పూర్తయ్యాక ఫోన్‌కు వచ్చే సమాచారంలో మీ స్థానిక ప్రాంతం, కేటగిరీ ఏమని నమోదైందో చూడండి. గుంతకల్లు అమ్మాయి విషయంలో ఎస్‌వీయూ అని కాకుండా ఏయూ అనో, స్థానికేతర అనో పడితే సరిచేయించుకునే వీలు అక్కడే ఉంది. ఆప్షన్లు పెట్టాక, సీట్లు ఇచ్చాక చెబితే ఎవరూ మార్చలేరు.

ఆప్షన్లు పెట్టేటప్పుడు ఒక నియమం పట్టుకోండి. మీకు నిజంగా ఎక్కడ చదవాలని ఉందో అదే క్రమంలో పెట్టండి. వచ్చే అవకాశం ఎక్కువని మామూలు కాలేజీని మొదట పెడితే అదే వస్తుంది, పైన పెట్టాల్సినది చేతిదాకా వచ్చి పోతుంది. సీట్ల కేటాయింపు మీ జాబితాను పైనుంచి కిందికి చూసుకుంటూ వెళ్లి, మీ ర్యాంకుకు దొరికే మొదటి సీటు దగ్గర ఆగిపోతుంది. కింద పెట్టిన కాలేజీల వల్ల పైన ఉన్నదానికి నష్టం ఏమీ లేదు. కాబట్టి జాబితా పొడవుగానే పెట్టండి. అయితే ఫీజు కట్టలేని, వెళ్లదలచుకోని కాలేజీని మాత్రం జాబితాలో పెట్టకండి. ఆఖరి రోజున ఫ్రీజ్ చేశాక ప్రింటు తీసి, మొదటి పది ఆప్షన్లలో కాలేజీ కోడ్, బ్రాంచ్ కోడ్ సరిగ్గా ఉన్నాయో వేలు పెట్టి చదవండి. దగ్గరదగ్గరి కోడ్లు తారుమారై వేరే జిల్లాలో సీటు తెచ్చుకున్నవాళ్లు ప్రతి ఏడాదీ కనిపిస్తారు.

సీటు వచ్చాక ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి, ఆ తర్వాత కాలేజీకి వెళ్లి రిపోర్ట్ చేయాలి. రెండూ గడువులోపల జరగాలి. ఒకటి చేసి రెండోది మర్చిపోతే సీటు రద్దవుతుంది. రెండో విడతలో ఇంకా మంచిదాని కోసం ఆప్షన్లు పెడితే, కొత్త సీటు వచ్చిన క్షణంలో పాతది పోతుంది, తిరిగి రాదు. ఉన్న సీటుతో తృప్తిగా ఉంటే రెండో విడతలో ఆప్షన్లు పెట్టకపోవడమే క్షేమం. పెట్టేవాళ్లు ఇప్పుడున్నదానికంటే నిజంగా మెరుగైనవే పెట్టాలి.

చివర్లో స్పాట్ అడ్మిషన్లు ఉంటాయి, కాలేజీలే ఫోన్ చేసి పిలుస్తాయి. స్పాట్‌లో చేరినవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. ఆదాయ ధ్రువపత్రం చూపించి రీయింబర్స్‌మెంట్ మీద చదవాలనుకునే కుటుంబం కన్వీనర్ విడతల్లోనే, కాస్త తక్కువ కాలేజీలోనైనా సీటు తీసుకోవడం నయం. మేనేజ్‌మెంట్ కోటా విషయమూ అంతే. ‘తర్వాత రీయింబర్స్‌మెంట్ మేం చూసుకుంటాం’ అని కాలేజీ వాళ్లు నోటితో చెప్పిన మాటను లెక్కలోకి తీసుకోకండి. మీ అలాట్‌మెంట్ ఆర్డర్‌లో కన్వీనర్ కార్యాలయం ఇచ్చిన సీటు అని ఉందా, ట్యూషన్ ఫీజు దగ్గర ఎంత కట్టాలని రాసి ఉందో చూడండి. ఆ ఆర్డర్ రెండు ప్రింట్లు తీసి, ఒకటి కాలేజీలో ఇచ్చి, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. అసలు సర్టిఫికెట్లు ఇచ్చేటప్పుడు రసీదు అడిగి తీసుకోండి.